పదో తరగతి లెక్కల ఫ్రీ డెమో క్లాస్: వచ్చే ముందు, వచ్చాక, ఇంటికెళ్లాక ఏం చేయాలి

ఈ ఆదివారం ఉదయం 10 గంటల నుంచి 11:30 వరకు గుంటూరు బ్రాడీపేటలోని మా ట్యూషన్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కల్లో ఫ్రీ డెమో క్లాస్ పెడుతున్నాను. ఫీజు లేదు, అడ్వాన్స్ లేదు, వచ్చినంత మాత్రాన చేరాలనీ లేదు. చెప్పేది ఒకటే టాపిక్, వర్గ సమీకరణాల్లో పద సమస్యలు. అంటే బస్సు వేగం ఇంత పెరిగితే ఇంత ముందు చేరుతుంది, నలుగురు రాకపోతే మిగతావాళ్ల మీద ఇంత భారం పడింది అని కథలా మొదలుపెట్టి చివర్లో "అయితే కనుక్కోండి" అంటారు చూడండి, ఆ లెక్కలు.

ఈ టాపిక్ ఎందుకంటే, డెమో అనగానే చాలామంది తేలికైనది ఎంచుకుంటారు. సంభావ్యతలో పాచికలు, నాణేలు తీసుకుంటే గంటలో పిల్లలంతా "అర్థమైంది సార్" అంటారు, తల్లిదండ్రులు కూడా సంతోషంగా వెళ్తారు. అది ఏ టీచర్ చెప్పినా అర్థమయ్యేదే. పిల్లలు పేపర్లో ఖాళీ వదిలేసేది ఎక్కడో అక్కడ చెప్పి చూపిస్తేనే కదా మాస్టారి పనితనం తెలిసేది.

అయితే మీరు ఊరికే వచ్చి వెనక కుర్చీలో కూర్చుని వెళ్తే మీకు పెద్దగా ఏమీ తెలియదు. నేను గట్టిగా, హుషారుగా చెప్పానా, జోకులు వేశానా, బోర్డు మీద రాత బాగుందా, ఇవి తెలుస్తాయి. మీ అబ్బాయికో అమ్మాయికో పనికొస్తానా లేదా అన్నది తెలియాలంటే శనివారమే కొంచెం పని చేసుకుని రావాలి. ఆ పని ఎలా చేయాలో వరసగా చెప్తాను. నా డెమోకి రాకుండా మీ వీధిలోనే ఇంకొకరి డెమోకి వెళ్లినా ఇదే పద్ధతిలో చూసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

శనివారం పగలు: దిద్దిన పేపర్ తీయండి

స్కూల్లో ఈమధ్య రాసిన లెక్కల పేపర్, ఎఫ్.ఏ. అయినా ఎస్.ఏ. అయినా, టీచర్ దిద్ది ఇచ్చినది వెతికి తీయండి. ఎన్ని మార్కులొచ్చాయన్నది పక్కన పెట్టండి, అది మీకు తెలిసిందే, ఆ రోజు జరగాల్సిన గొడవ ఆ రోజే జరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు చూడాల్సింది పోయిన మార్కులు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, మార్కు పోయిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఒక అక్షరం వేయించండి. అసలు పాఠమే తెలియకపోతే "త". పద్ధతి తెలిసీ కూడికలోనో గుర్తులోనో తప్పు పోతే "లె". ప్రశ్న చదివి ఎక్కడ మొదలుపెట్టాలో తోచక వదిలేస్తే "మొ". టైం చాలకనో, మధ్యలో స్టెప్పులు మింగేసినందుకో పోతే "టై". ఆ అక్షరాలు వాడే వేయాలి, మీరు వేయొద్దు. మీరు వేస్తే అన్నీ "అజాగ్రత్త" అనే ఒక్క ఖాతాలోకి పోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయికి 100కి 58 వచ్చాయి, 42 పోయాయి. అక్షరాలు వేసి కూడితే "త" కింద 9, "లె" కింద 11, "మొ" కింద 16, "టై" కింద 6 తేలాయి అనుకోండి. ఇంట్లో వాళ్లేమో అమ్మాయికి లెక్కలు రావు, మొత్తం మొదటి పాఠం నుంచి చెప్పించాలి అనుకుంటూ ఉంటారు. కాగితం చూస్తే నిజంగా తెలియక పోయినవి 9 మార్కులే. అన్నిటికన్నా ఎక్కువ పోయింది మొదలుపెట్టలేక. అలాంటి పిల్లకి వాస్తవ సంఖ్యల దగ్గర నుంచి మళ్లీ అన్ని పాఠాలూ చెప్పే ట్యూషన్‌లో చేర్పిస్తే తెలిసినవే మళ్లీ వింటుంది, ఆ 16 మార్కులు ఎక్కడివక్కడే ఉంటాయి.

"త"కీ "మొ"కీ తేడా పిల్లలు ఒక్కోసారి చెప్పలేరు, సిగ్గుకో భయానికో "తెలుసు కానీ రాయలేదు" అనేస్తారు. దానికి చిన్న పరీక్ష ఉంది. వదిలేసింది వర్గ సమీకరణాల పద సమస్య అయితే, కథ లేకుండా ఉత్త సమీకరణం ఒకటి ఇవ్వండి:

```
x² − 7x + 12 = 0
```

రెండు మూడు నిమిషాల్లో 3, 4 అని చెప్పేస్తే పాఠం వచ్చినట్టే, కథని సమీకరణంగా మార్చడం రాలేదు, కాబట్టి అది "మొ". ఇదే చేయలేకపోతే అది "త", పద సమస్య దాకా వెళ్లే ముందు కారణాంక విభజన మళ్లీ చూడాలి. ఈ తేడా మీకు లెక్కలు రాకపోయినా తెలిసిపోతుంది.

శనివారం రాత్రి: ఈ లెక్క ఒంటరిగా చేయనివ్వండి

ఆదివారం నేను క్లాసులో మొదట చెప్పబోయే లెక్క ఇదే. దాచిపెట్టి అక్కడ చూపించి ఆశ్చర్యపరచడం వల్ల ఉపయోగం లేదని ముందే ఇస్తున్నాను.

ఒక బస్సు 300 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది. దాని వేగం గంటకు 10 కిలోమీటర్లు ఎక్కువగా ఉండి ఉంటే 1 గంట ముందే చేరేది. బస్సు వేగం ఎంత?

తెల్లకాగితం మీద 15 నిమిషాలు. గైడ్ వద్దు, ఫోన్ వద్దు, ఇంజనీరింగ్ చదివే అన్నయ్య సాయం అసలే వద్దు. రాకపోతే ఎక్కడ ఆగిందో అక్కడే వదిలేసి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకోవాలి. దాన్ని ఆదివారం తప్పకుండా తీసుకురావాలి, ఖాళీగా ఉన్నా సరే. ఎందుకంటే క్లాసులో నేను బోర్డు దగ్గరికి వెళ్లే ముందు చూసేది ఆ కాగితాలనే. ఎవరు ఎక్కడ ఆగారో చూడకుండా పాఠం మొదలుపెడితే నాకు నచ్చినట్టు చెప్పుకుంటూ పోవడమే అవుతుంది.

ఇంటి దగ్గర జవాబు వచ్చేసిన పిల్లలు కూడా రండి. జవాబు రావడం వేరు, పేపర్లో మార్కులు పడేలా రాయడం వేరు. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి 100 మార్కుల లెక్కల పేపర్లో 8 మార్కుల ప్రశ్నలు ఐదు, అంటే 40 మార్కులు వాటిలోనే ఉన్నాయి. అక్కడ దిద్దేవాళ్లు స్టెప్పులు చూస్తారు. కొందరు డెమోల్లో చూపించే "పది సెకన్ల షార్ట్‌కట్" తో 50 అని జవాబు మాత్రం రాస్తే ఆ ప్రశ్నకు రావలసిన మార్కుల్లో చాలా వరకు పోతాయి. షార్ట్‌కట్‌లు ఎంట్రన్స్ పరీక్షలకు పనికొస్తాయి, పదో తరగతి పేపర్‌కి కాదు.

ఆదివారం: ఆ లెక్క ఎలా నడుస్తుందంటే

క్లాసులో చేయబోయేది ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు శనివారం కాగితం మీద తంటాలు పడ్డాకే ఇది చదవాలి, ముందే చదివేస్తే ఆ కాగితానికి విలువ ఉండదు.

మొదట పెన్ను పట్టుకోకుండా లెక్కని సొంత మాటల్లో చెప్పమంటాను. దూరం మారలేదు, వేగం పెరిగింది, టైం తగ్గింది. ఈ మూడు ముక్కలు నోటితో చెప్పగలిగిన పిల్లలకి సగం పని అయినట్టే. తరవాత అడిగినది ఏదో దానికే x పెట్టాలి. బస్సు అసలు వేగం గంటకు x కిలోమీటర్లు అని వాక్యంగా రాయాలి, ఉత్తినే "x అనుకొనుము" అని కాదు. x అంటే ఏమిటో కాగితం మీద లేకపోతే చివర్లో జవాబు ఏదో తేల్చుకోలేక ఇబ్బంది పడతారు, అది కిందకి వచ్చాక చూద్దాం.

దూరాన్ని వేగంతో భాగిస్తే టైం. కాబట్టి మామూలుగా పట్టిన టైం 300/x, వేగం పెరిగితే పట్టే టైం 300/(x+10). ఇప్పుడు అసలు మెలిక. ఈ రెండింటికీ తేడా 1 గంట, కానీ దేంట్లోంచి దేన్ని తీసేయాలి? చాలామంది పిల్లలు కొత్త వేగంలో "ఎక్కువ" అన్న మాట చూసి దాన్నే ముందు రాస్తారు. ఎక్కువైంది వేగం, టైం కాదు. వేగం ఎక్కువైనచోట టైం తక్కువ. నేను ఇక్కడ పిల్లల్ని ఆపి "ఏ టైం పెద్దది?" అని ఒక్కొక్కరినీ అడుగుతాను, పెద్దదాని మీద పెన్సిల్‌తో గుండ్రం చుట్టమంటాను, గుండ్రం చుట్టింది ముందు రాయాలి.

```
300/x − 300/(x+10) = 1
300(x+10) − 300x = x(x+10)
3000 = x² + 10x
x² + 10x − 3000 = 0
```

తిప్పి రాసిన పిల్లలకి ఏమవుతుందో కూడా బోర్డు మీద చేసి చూపిస్తాను, ఎందుకంటే తప్పు ఎలా కనిపిస్తుందో తెలిస్తేనే పరీక్ష హాల్లో పట్టుకోగలరు. తిప్పి రాస్తే x² + 10x + 3000 = 0 వస్తుంది. దీని విచక్షణి 100 − 12000, అంటే −11900. రుణ సంఖ్య వచ్చింది కాబట్టి వాస్తవ మూలాలు లేవు. బస్సు నిజంగా వెళ్లింది, దానికి వేగం లేకుండా ఎలా ఉంటుంది? ఇలా వచ్చినప్పుడు కింద లెక్కలు మళ్లీ మళ్లీ చేసి టైం పాడుచేసుకోకుండా నేరుగా మొదటి లైన్‌కి వెళ్లి ఏది ముందు రాశామో చూడాలి. నూటికి తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

ఇక x² + 10x − 3000 = 0 దగ్గర ఇంకో గుంపు ఆగిపోతుంది. లబ్ధం 3000, తేడా 10 ఉండే రెండు సంఖ్యలు కావాలి. 30 × 100 అని ఒకసారి, 40 × 75 అని ఒకసారి, 25 × 120 అని ఇంకోసారి వేస్తూ మార్జిన్ అంతా నింపేస్తారు. ఇలా గుడ్డిగా వెతకక్కర్లేదు. రెండు సంఖ్యల తేడా 10 అంటే అవి మధ్యలో ఉన్న ఏదో సంఖ్యకి 5 అటు, 5 ఇటు ఉంటాయి. ఆ మధ్య సంఖ్యని n అనుకుంటే వాటి లబ్ధం n² − 25. అది 3000 కావాలి కాబట్టి n² = 3025. 55 వర్గం 3025. అంటే ఆ సంఖ్యలు 50, 60. ఇది మార్జిన్‌లో రెండు లైన్ల పని.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. వర్గాన్ని పూర్తి చేయడం అనే పద్ధతి పిల్లలకి ఎందుకో కొరుకుడు పడదు, కానీ ఇప్పుడు మనం మార్జిన్‌లో చేసింది అదే. x² + 10x కి 25 కలిపితే (x+5)², అటువైపు 3025, అంటే (x+5)² = 55². వేరే పాఠం అనుకుని భయపడింది ఇక్కడ పని చేస్తూ కనిపిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. దీనికి క్లాసులో ఓ పది నిమిషాలు కావాలనే కేటాయిస్తాను.

```
(x + 60)(x − 50) = 0
x = −60 లేదా x = 50
```

వేగం రుణాత్మకం కాదు కాబట్టి x = 50. ఈ వాక్యం రాయాలి. ఉత్తినే −60 కొట్టేసి 50 చుట్టూ డబ్బా గీస్తే సరిపోదు, ఎందుకు వదిలేశారో చెప్పాలి. తరవాత సరిచూడటం: 300ని 50తో భాగిస్తే 6 గంటలు, 60తో భాగిస్తే 5 గంటలు, తేడా 1 గంట. అర నిమిషం పని, కానీ ఇది చేసిన పిల్లలకి పేపర్ ఇచ్చేసి బయటికొచ్చాక "నీకెంత వచ్చింది" అని పక్కవాణ్ని అడిగే పని ఉండదు.

ఒకరిద్దరు పెరిగిన వేగానికి x పెట్టుకుని వస్తారు. అప్పుడు పాత వేగం x − 10, సమీకరణం x² − 10x − 3000 = 0, జవాబు 60. చేసిందంతా సరే, కానీ అడిగింది పెరగక ముందు వేగం. పైన x అంటే ఏమిటో వాక్యంగా రాసుకుని ఉంటే 60లోంచి 10 తీసేసి 50 రాస్తారు. రాసుకోకపోతే 60 చుట్టూ డబ్బా గీసి సంతోషంగా తరవాతి లెక్కకి వెళ్లిపోతారు. ఇందాక చెప్పిన ఇబ్బంది ఇదే.

మీరు వెనక కూర్చుని ఏం చూడాలి

తల్లిదండ్రులు వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. పిల్లవాడికి కళ్లతో సైగలు మాత్రం చేయొద్దు. వాడు నా వైపు చూడటం మానేసి మీ వైపే చూస్తూ ఉంటాడు.

మీరు గమనించాల్సింది నా మాటలు కాదు, పిల్లల పెన్నులు. తొంభై నిమిషాల్లో పిల్లలు సొంతంగా రాసిన టైం ఎంత, నేను రాస్తుంటే కాపీ చేసిన టైం ఎంత? సొంతంగా రాసేది కనీసం సగం ఉండేలా నేను చూస్తాను, లేదనిపిస్తే క్లాస్ అయ్యాక మొహమాటం లేకుండా నన్ను అడగండి. రెండోది, తప్పు చేసిన పిల్లవాడి దగ్గర టీచర్ ఏం చేస్తున్నాడు? కాగితం తీసుకుని తనే సరిచేసి ఇచ్చేస్తే క్లాసు చకచకా నడిచినట్టే ఉంటుంది కానీ వాడికి ఒరిగేదేమీ లేదు. ఏ లైన్‌లో తప్పుందో వేలు పెట్టి చూపించి వాణ్నే దిద్దుకోమంటే కొంచెం ఆలస్యం అవుతుంది, విసుగ్గా కూడా ఉంటుంది, కానీ జరగాల్సింది అదే. ఇంకా, ముందు బెంచీలో చకచకా చెప్పే ఇద్దరి జవాబులు వినేసి "అందరికీ అర్థమైందా" అని ముందుకు పోతున్నారా అన్నది కూడా చూడండి. పిల్లలంతా ఒకే గొంతుతో అర్థమైందండీ అన్నారంటే అది అలవాటుగా అన్న మాట, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మీడియం గురించి చాలామంది అడుగుతున్నారు. తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం ఇద్దరూ కూర్చోవచ్చు. బోర్డు మీద వర్గ సమీకరణం, క్వాడ్రాటిక్ ఈక్వేషన్ రెండూ రాస్తాను, మాట్లాడేది తెలుగే. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి ప్రశ్నని ఇంగ్లీష్‌లోనే ఇస్తాను. ఎందుకంటే వాళ్లలో కొందరికి ఆగిపోయేది లెక్కలో కాదు, ప్రశ్నలోని వాక్యం అర్థం కాక. అదేమిటో అప్పుడే బయటపడుతుంది.

ఇంటికెళ్లాక: అసలు పరీక్ష సోమవారం

ఆదివారం మధ్యాహ్నం పిల్లవాడు "బాగా చెప్పారమ్మా" అంటాడు. నమ్మకండి, అంటే అబద్ధం చెప్తున్నాడని కాదు. అప్పుడే విన్నది ఎవరికైనా వచ్చినట్టే ఉంటుంది. సోమవారం సాయంత్రం నోట్‌బుక్ మూసి ఈ రెండు లెక్కలు ఇవ్వండి.

మొదటిది: ఒక బస్సు 120 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు 8 కిలోమీటర్లు ఎక్కువైతే 30 నిమిషాలు ముందు చేరేది. వేగం ఎంత? జవాబు 40. ఇది ఆదివారం చేసిన లెక్కే, ఒక్క చిన్న గుంట తప్ప. టైం నిమిషాల్లో ఇచ్చారు, వేగం గంటల్లో ఉంది. కాబట్టి కుడివైపు 30 కాదు, 1/2 రాయాలి. అలా రాస్తే x² + 8x − 1920 = 0 వస్తుంది, పైన చెప్పిన మార్జిన్ పద్ధతిలో n² = 1936, n = 44, సంఖ్యలు 40, 48. అదే 30 రాసేస్తే x² + 8x − 32 = 0 వస్తుంది, దానికి కారణాంకాలు దొరకవు, సూత్రం వేసి చూస్తే వేగం గంటకు సుమారు 2.9 కిలోమీటర్లు తేలుతుంది. మనం నడిచినా అంతకన్నా ముందే చేరతాం. పిల్లవాడు ఈ జవాబు రాసి ఊరుకున్నాడా, ఏదో తేడాగా ఉందని వెనక్కి వెళ్లి చూసుకున్నాడా? నేను ఆదివారం సరిగ్గా చెప్పానో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది: కొందరు పిల్లలు విహారయాత్రకి 1200 రూపాయలకి వ్యాన్ మాట్లాడుకుని అందరూ సమానంగా వేసుకుందామనుకున్నారు. తీరా బయల్దేరే రోజు నలుగురు రాలేదు. దాంతో వచ్చినవాళ్లు తలా 10 రూపాయలు ఎక్కువ వేసుకోవాల్సి వచ్చింది. మొదట ఎంతమంది అనుకున్నారు?

ఇందులో బస్సు వేగం లేదు, దూరం లేదు, గంటలు లేవు. ఆదివారం విన్నది బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. పద్ధతి పట్టుకున్న పిల్లలు మళ్లీ అదే ప్రశ్న వేసుకుంటారు: ఏది పెద్దది? మనుషులు తగ్గితే తలసరి భారం పెరుగుతుంది, కాబట్టి తక్కువమంది ఉన్న భిన్నమే ముందు రావాలి.

```
1200/(x−4) − 1200/x = 10
x² − 4x − 480 = 0
(x − 24)(x + 20) = 0
x = 24
```

24 మంది అయితే తలా 50, 20 మంది అయితే తలా 60. మీకు లెక్కలు రాకపోయినా ఈ ఆఖరి లైన్‌తో సరిచూసుకోవచ్చు.

మొదటి లైన్ సరిగ్గా రాసి కింద ఎక్కడో కూడిక తప్పినా నా లెక్కలో పిల్లవాడు పాసే, ఎందుకంటే "మొ" పోయింది, మిగిలింది "లె", అది ప్రాక్టీస్‌తో పోతుంది. మొదటి లైన్ దగ్గరే ఆగిపోతే ఒక గంటన్నర క్లాసు వాడికి చాలలేదన్నమాట. అప్పుడు రెండు దారులు ఉన్నాయి. వాడే నా దగ్గరికి వచ్చి ఎక్కడ ఆగాడో చూపించాలి, దానికీ ఫీజు లేదు. లేదంటే ఇంకో టీచర్ డెమో చూడండి, ఒకరు చెప్పింది ఎక్కని పిల్లలకి ఇంకొకరు చెప్పింది ఎక్కడం మామూలే.

ఎవరు రానక్కర్లేదు

పైన పేపర్ మీద అక్షరాలు వేసినప్పుడు దాదాపు అన్నీ "టై" వస్తే ఈ క్లాస్ మీకు పెద్దగా ఉపయోగపడదు. అలాంటి పిల్లలకి కావాల్సింది కొత్తగా పాఠం చెప్పడం కాదు, 3 గంటల 15 నిమిషాలు గడియారం పెట్టుకుని పాత పేపర్లు రాయడం. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. అది ఇంట్లో ఉచితంగా చేసుకోవచ్చు.

ఇంకో రకం పిల్లలు ఉన్నారు. 1/2కి 1/3 కలపమంటే 2/5 అంటారు. ఇది ఎగతాళికి చెప్పడం లేదు, పదో తరగతిలో ఇలాంటి వాళ్లు మీరనుకునే కన్నా ఎక్కువ. వాళ్లకి 300/x, 300/(x+10) లాంటివి బోర్డు మీద కనపడగానే క్లాసు అయిపోయినట్టే. తొంభై నిమిషాల్లో నేను దాన్ని బాగుచేయలేను, ఎవరూ చేయలేరు. ముందు కొన్ని వారాలు ఆరు, ఏడు తరగతుల భిన్నాలు, రుణ సంఖ్యలు చేయాలి. అలాంటి పిల్లల్ని పెద్ద బ్యాచ్‌లో వేస్తే ఫీజు వృథా. డెమోకి తీసుకురాకుండా విడిగా ఒకసారి తీసుకొచ్చి చూపించండి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్తాను, ఆ తరవాత ఎవరి దగ్గర చెప్పించినా మీ ఇష్టం.

చేరాలనుకుంటే అడగాల్సినవి

ఆదివారం క్లాసులో ఫీజు మాట ఎత్తను, పిల్లల ముందు ఆ బేరం నాకు ఇష్టం ఉండదు. సోమవారం లెక్కలు చేశాక, చేరాలనిపిస్తే, అప్పుడు మాట్లాడండి. నన్నైనా ఇంకెవరినైనా ఇవి మాత్రం అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, పిల్లలు రాసిన టెస్ట్ పేపర్ ఎవరు దిద్దుతారు, మీరా మీ దగ్గర డిగ్రీ చదివే కుర్రాడా, దిద్దిన పేపర్ ఎన్ని రోజుల్లో ఇంటికి వస్తుంది, సిలబస్ ఎప్పటికి అయిపోతుంది. ఫీజు మూడు నెలలది ఒకేసారి కట్టమంటే ఒక నెల కట్టి చూస్తామని చెప్పండి. డెమో రోజు ఉన్న ఓపిక ప్రీఫైనల్స్ టైంకి టీచర్‌కి ఉంటుందా లేదా అన్నది డెమోలో కనపడదు, ఒక నెల చూస్తేనే తెలుస్తుంది.

నా గదిలో 20 మందికే చోటు. అందుకే శుక్రవారం రాత్రిలోగా పిల్లవాడి పేరు, మీడియం చెప్పి మెసేజ్ పెట్టండి, అంతకన్నా వివరాలు అక్కర్లేదు, మార్కులు ఎన్నో కూడా రాయొద్దు. వచ్చేటప్పుడు దిద్దిన పేపర్, శనివారం రాత్రి కాగితం, ఒక తెల్లకాగితాల పుస్తకం, పెన్ను, పెన్సిల్ తెచ్చుకోవాలి. క్లాసులో కాలిక్యులేటర్ వాడనివ్వను, 55 వర్గం చేత్తో చేయాల్సిందే. పదింటికి ఐదు నిమిషాల ముందే కూర్చోబెట్టండి, కాగితాలు చూడటానికి నాకు ఆ ఐదు నిమిషాలు కావాలి.